రిటర్న్స్ లేవు

భయపడటం కూడా ఒక విద్యే అయితే మన పార్లరమ్మ అందులో ఎప్పుడో పట్టా పుచ్చుకుని ఉండేది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కుర్చీలో కూర్చున్న మనిషి అద్దంలో చూసుకుని ఒక్క క్షణం మాట్లాడకపోతే చాలు, కత్తిరించింది జుట్టు కాదు చెవేమో అనుకునేది. అలాంటి మనిషి రెండు కుర్చీల బ్యూటీ పార్లర్ సొంతంగా ఎలా పెట్టిందయ్యా అంటే, ఏళ్ల తరబడి ఇతరుల పార్లర్లలో నిలబడి నిలబడి, భయం కంటే కాళ్ల నొప్పి ఎక్కువైపోయి పెట్టింది. ఆ రెండు కుర్చీలూ ఆమెకు బిడ్డల్లాంటివి. రోజూ మూసేముందు వాటిని తుడిచి, చెయ్యి వేసి ఒకసారి తిప్పి చూసుకుని గాని తాళం వేసేది కాదు.

అయితే ఆ రోజు ఆసుపత్రి మూడో అంతస్తులో, భర్త మంచం పక్కన నిలబడి, చేతిలో కాగితం పట్టుకుని ఆమె వణుకుతోందంటే అందులో ఆమె స్వభావం తప్పేమీ లేదు. ఆ అంకె చూస్తే ఎవరైనా వణుకుతారు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కడుపులో నొప్పి అంటూ వారం పాటు సోడా తాగి నెట్టుకొచ్చాడు. తీరా చూస్తే పిత్తాశయం నిండా రాళ్లు, పైగా చీము. ఆపరేషన్ చేశారు, ఐసీయూలో పెట్టారు, తర్వాత వార్డుకు మార్చారు. గండం గడిచింది. ఇప్పుడు జోకులు వేసే స్థితికి వచ్చాడు, నవ్వితే కుట్లు లాగుతాయి కాబట్టి వాటికి తానే నవ్వకుండా జాగ్రత్త పడుతున్నాడు. "ఇవాళ ఇంటికి వెళ్లొచ్చు" అని డాక్టర్ చెప్పి వెళ్లాడు. ఆ మాట చల్లారకముందే బిల్లు వచ్చింది.

ఒకే ఒక్క పేజీ. గది అద్దె, ఆపరేషన్, డాక్టర్లు, మందులు, వాడకం సామాన్లు. అయిదు ముక్కల్లో అయిపోయింది వ్యవహారం. కింద ఇన్సూరెన్స్ ఇచ్చేది ఇంత, మీరు కట్టాల్సింది ఇంత. లిఫ్టు కంపెనీ వాళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా, అంతా అదే చూసుకుంటుందనుకుని ఆమె ఇన్ని రోజులూ ఒక్క భయం తక్కువగా బతికింది. ఇప్పుడు ఆ 'మీరు కట్టాల్సింది' అనే అంకె ఆమెకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. పక్క కొట్టు ఫోన్ల షాపాయన పార్లర్‌కు ఇస్తానన్న ధర అటూ ఇటూగా అంతే.

ఆయన మధ్య గోడ కొట్టేసి షాపు పెద్దది చేసుకోవాలని ఎప్పట్నుంచో కాచుక్కూచున్నాడు. భర్త ఆసుపత్రిలో ఉన్నాడని తెలిశాక మరీ మంచివాడైపోయాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"తొందరేం లేదమ్మా. సాయంత్రంలోగా ఒక మాట చెప్పండి చాలు. లేదంటే నేను వేరే చోటు చూసుకుంటా."

తొందర లేదంటూ సాయంత్రం లోపు అంటే తొందర లేకపోవడం ఎలా అవుతుందో ఆయనకే తెలియాలి. "చెప్తానండీ" అంది ఆమె. ఆ మాట అన్నప్పుడు రెండు కుర్చీలూ కళ్ల ముందు తిరిగాయి.

"ఏంటే, అలా కొయ్యబారిపోయావ్?" అంది వదిన.

ఈ వదిన భర్తకు అక్క. అయిదడుగులైనా లేదు గాని, ఆమె ఉన్న గదిలో ఇంకొకరికి చోటుండదు. తమ్ముడిని వార్డుకు మార్చిన రోజు నుంచీ మంచం పక్కన బల్ల మీద మకాం వేసింది. ఆమె కాళ్ల కింద జిప్పున్న పెద్ద సంచి. పడుకున్నా లేచినా ఆ సంచికి ఒక కాలు ఆనించే ఉంచుతుంది. పార్లరమ్మకు ఈ ఆసుపత్రిలో డాక్టర్ల కంటే, సూదుల కంటే, బిల్లు కంటే కూడా ఎక్కువ భయం ఆ సంచంటేనే.

ఎందుకంటే అందులో ఏముందో ఆమెకు తెలుసు.

వార్డులో ఒక పద్ధతి ఉంది. రోగి పేరు మీద మందుల షాపు నుంచి వచ్చిన సరుకంతా మంచం పక్క సొరుగులో పెడతారు. ఇంజెక్షన్ సీసాలు, సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ పెట్టెలు, సిరంజీలు. నర్సులు వచ్చి అందులోంచి తీసి వాడతారు. వదిన కూడా తీసేది. వాడటానికి కాదు, దాచడానికి. నర్సు వెనక్కి తిరగడమే ఆలస్యం, సొరుగులోంచి సంచిలోకి ఒక పొట్లం. మొదటిసారి చూసినప్పుడు పార్లరమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"వదినా, ఏంటిది! ఎవరైనా చూస్తే?"

"చూడనీ. ఎవరి పేరు మీద వచ్చాయి? మన పేరు మీద. డబ్బులు ఎవరివి? మనవి. మరి సరుకు ఎవరిది?"

లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది, ఎక్కడో తప్పుంది. ఎక్కడో ఆమెకు తెలియలేదు. వదినతో వాదించే ధైర్యం ఎటూ లేదు. వార్డుకు వచ్చిన రెండో రోజు ఏదో పరీక్ష రిపోర్టు వచ్చిందని డాక్టర్ యాంటీబయోటిక్ మార్చేశాడు. పాత ఇంజెక్షన్ మొత్తం కోర్సుకూ ఒకేసారి తెప్పించి ఉంచారు. మిగిలిన సీసాలన్నీ, సీలు కూడా తీయనివి, ఆ మధ్యాహ్నమే సొరుగులోంచి మాయమయ్యాయి. కొత్త మందు వచ్చిందిగా, పాతది వాడేశారనుకున్నారో ఏమో, అడిగినవాళ్లు లేరు.

ఇవాళ పొద్దున అడిగారు. హెడ్ సిస్టర్ చేతిలో అట్ట పట్టుకుని వచ్చి, "డిశ్చార్జి కదమ్మా. రిటర్న్స్ ఏమైనా ఉన్నాయా? వాడకుండా మిగిలిన మందులు?" అంది.

వదిన ఆ సమయంలో పళ్లు తోముకోవడానికి వెళ్లింది. సంచి బల్ల కింద ఉంది. పార్లరమ్మ చూపు సంచి మీదికి పోయింది, వెంటనే కిటికీ మీదికి పోయింది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి మెడ మీదికి పోయింది.

"లేవు" అంది.

"లేవా? సరే" అని సిస్టర్ అట్ట మీద ఏదో కొట్టేసి వెళ్లిపోయింది.

ఆ 'లేవు' అన్న మాటే ఇప్పుడు బిల్లులో ఎక్కడో నక్కి కూర్చుందని ఆమెకు అనుమానంగా ఉంది. 

వరండాలోకి వెళ్లి భర్త ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడ ఇన్సూరెన్స్ వ్యవహారాలు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మంచి మనిషే గాని, ప్రతి వాక్యానికీ ముందు దగ్గుతాడు.

"డబ్బులు కట్టేశారా?"

"లేదండీ."

"ఒప్పుకున్నామని కాగితమేదైనా సంతకం పెట్టారా?"

"ఇంకా లేదండీ. పెట్టమంటున్నారు."

"ఆగండి మరి. ముందు ఈ ఒక పేజీ బిల్లు పనికిరాదు. ప్రతి వస్తువూ, ఏ తేదీన, ఎన్ని, ఒక్కోటి ఎంత, అన్నీ ఉండే వివరాల బిల్లు అడగండి. ఇవ్వాలి వాళ్లు. రెండోది, ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన ఆమోదం లెటర్ కాపీ అడగండి. ఎక్కడెక్కడ ఎంత కోశారో, ఎందుకు కోశారో అందులో రాసుంటుంది. మన పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది, మీరు తీసుకున్న గది ఆ లోపలే. గ్లవ్సూ గట్రా మనకు రావు. ఆపరేషన్, మందులు, డాక్టర్లు వస్తాయి. వచ్చేవి కూడా కోశారంటే కారణం ఏదో ఉంటుంది. ఆ కారణం పట్టుకోండి."

"అడిగితే కోప్పడతారేమోనండీ. ఆయన ఇంకా మంచం మీదే ఉన్నారు."

పెద్దాయన ఈసారి గట్టిగా దగ్గాడు. "అడగందే అమ్మైనా పెట్టదమ్మా. పోట్లాడొద్దు. అర్థం కాలేదు, చెప్పండి అని అడగండి. అది తప్పెలా అవుతుంది?"

బిల్లుల కౌంటర్ కింది అంతస్తులో ఉంది. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా టైపు చేస్తోంది. వివరాల బిల్లు అడిగితే, "అదంతా చాలా పేజీలొస్తుందండీ" అంది, కాగితం తన సొంత ఆస్తి అన్నట్టు.

"ఫర్వాలేదమ్మా. అర్థం కాలేదు, చూసుకుంటాను" అంది పార్లరమ్మ, పెద్దాయన చెప్పిన మాటను చెప్పినట్టు అప్పజెప్పేస్తూ.

మిషను గుర్రుమంటూ పేజీలు కక్కింది. వెచ్చగా ఉన్న ఆ కట్ట పట్టుకుని, పక్కనే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరికి వెళ్లి లెటర్ కాపీ కూడా తీసుకుంది. అక్కడున్నాయన టై కట్టుకుని, పెదవి మీద చిన్న జాలి కూడా కట్టుకుని ఉన్నాడు. లెటర్‌లో కోతలన్నీ ఒక పక్కగా ఉన్నాయి. ఆయన పెన్నుతో ఒక్కొక్కటీ చూపించాడు.

"ఇవి గ్లవ్స్, మాస్కులు లాంటివి. పాలసీలో లేవు, ఇవి మీరే కట్టుకోవాలి. ఇది చూడండి, ఒకే తేదీకి ఐసీయూ మంచం, వార్డు గది, రెండిటికీ అద్దె వేశారు. వాళ్లు ఒకటే ఇస్తామంటున్నారు. అసలు పెద్దది మాత్రం ఇది." పెన్ను ఒక వాక్యం కింద ఆగింది. "ఈ ఇంజెక్షన్. బిల్లులో ఉన్న సీసాలకూ, నర్సుల చార్టులో ఇచ్చినట్టు రాసినవాటికీ పొంతన లేదు. హాస్పిటల్ నుంచి వివరణ వచ్చేదాకా ఈ మొత్తం ఆపుతున్నాం అని రాశారు. ఆపినదంతా మీ వైపు పడింది."

ఆ ఇంజెక్షన్ పేరు ఆమెకు నోటికి వచ్చు. సీసా మూత ఏ రంగో కూడా తెలుసు.

"వివరణ వస్తే?"

"వస్తే మళ్లీ చూస్తారు. వాడిందే అయితే ఇస్తారు. వాడకపోతే హాస్పిటల్ బిల్లులోంచి తీసెయ్యాలి. ఏదైనా మీ మీద పడదు. కానీ ఎవరో ఒకరు లెక్క తేల్చాలి కదండీ."

ఎవరో ఒకరు. ఆమె వరండాలో కుర్చీలో కూలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడిగితే ఇంజెక్షన్ లెక్క తేలుతుంది, దాంతోపాటు వదిన సంచి తేలుతుంది. అడక్కపోతే పార్లర్ మునుగుతుంది. ఈ మూల నుంచి ఆ మూలకు నడిచే సెక్యూరిటీ మనిషి బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా, ఆ చప్పుడు తన కోసమే వస్తోందనిపించింది. భర్తను ఇంటికి పంపరు. వదినను ఒక గదిలో కూచోబెడతారు. పేపర్లో వేస్తారు. పార్లర్ మిగిలినా దొంగల ఇంటి ఆడదాని చేత ఎవరు జుట్టు కత్తిరించుకుంటారు?

కానీ ఆ రెండు మంచాల అద్దె సంగతి వేరు. దానికి తను భయపడాల్సిన పని లేదు. కనీసం అది అడుగుదాం అనుకుని మళ్లీ కౌంటర్‌కు వెళ్లింది. భయస్తులు ఇలాగే పని మొదలుపెడతారు, చిన్న వైపు నుంచి.

"అమ్మా, ఈ తేదీన ఆయన ఐసీయూలోంచి వార్డుకు మారారు. రెండు చోట్లా అద్దె పడింది. మనిషి ఒక్కడే కదా, రెండు మంచాల మీద ఎలా పడుకున్నాడో నాకు అర్థం కాలేదు."

ఆ అమ్మాయి మొదటిసారి తల ఎత్తింది. స్క్రీన్ చూసింది, కాగితం చూసింది, పెదవి కొరుక్కుంది. "మధ్యాహ్నం మార్చారు కదండీ, రెండు వైపుల నుంచీ ఎంట్రీ పడినట్టుంది. ఇది సరిచేస్తాను." ఒక క్షణం ఆగి, "ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

అంత తేలిగ్గా అవుతుందని పార్లరమ్మ అనుకోలేదు. ఆ తేలిక చూసి కొంచెం ధైర్యం వచ్చింది, ఆ ధైర్యంలో నోరు జారింది.

"ఈ ఇంజెక్షన్..."

"ఓ, ఇదా. దీని మీద ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అడిగారు. రిటర్న్స్ లేవని వార్డు నుంచి వచ్చింది కాబట్టి అన్నీ వాడినట్టే బిల్లు వేశాం. మీరు రాసివ్వండి, వార్డుకు పంపి చార్టుతో సరిచూపిస్తాం." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అయితే తేడా వస్తే మాత్రం ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్ సమాధానం చెప్పుకోవాలండీ. సీసాలు ఏమయ్యాయని."

ఆ రోజు డ్యూటీలో ఉన్నది చిన్న సిస్టర్. ఐసీయూలోంచి వచ్చిన రాత్రి భర్త చలికి వణికిపోతుంటే ఎక్కడినుంచో రెండో దుప్పటి వెతికి తెచ్చి కప్పిన పిల్ల. ఎవరి పిల్లో, ఎంత దూరం నుంచి వచ్చి పనిచేస్తోందో. పార్లరమ్మ ఆ పిల్ల ముఖం తలుచుకుంది, తను అన్న 'లేవు' తలుచుకుంది. ఇప్పటిదాకా తనకేమవుతుందో అన్న భయమే ఉంది. ఇప్పుడు తన వల్ల ఇంకొకరికి ఏమవుతుందో అన్న భయం వచ్చి దాని పక్కన కూర్చుంది. రెండో భయం మొదటిదానికంటే బరువుగా ఉంది.

"ఒక్క అరగంట ఆగుతారా అమ్మా? ఇప్పుడే వస్తాను" అంది.

వార్డులో భర్త కునికిపాట్లు పడుతున్నాడు. వదిన బల్ల మీద కూర్చుని సంచి జిప్పు సరిచేస్తోంది.

"వదినా, సంచి ఇవ్వు."

"ఎందుకూ?"

"ఆ ఇంజెక్షన్లు తిరిగిచ్చేద్దాం. వాటి మూలంగానే బిల్లు అంతయింది. మనం లేవన్నాం కాబట్టి వాడేశారని వేశారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో వాడలేదు, డబ్బివ్వం అంటున్నారు. మధ్యలో మనమే కట్టాలి."

"మనం కడితే మనవే కదా. అదే నేనన్నది."

"వదినా, అవి మనకెందుకు? ఆయనకు మందు మారిపోయింది. అది ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం, పూజిస్తామా? ఇవ్వకపోతే ఆ చిన్న సిస్టర్ మీద పడుతుంది. నా పార్లర్ పోతుంది. సాయంత్రానికి ఆ ఫోన్లాయన తాళాలు అడుగుతాడు."

పార్లర్ మాట వదినకు తెలియదు. తలెత్తి మరదలి ముఖంలోకి చూసింది. కానీ సంచి వదల్లేదు. రెండు చేతులతో ఒళ్లోకి లాక్కుంది.

"ఇవ్వను" అంది. ఆ గొంతులో మొండితనం లేదు. పార్లరమ్మకు ఆ గొంతు బాగా తెలుసు, ఎందుకంటే అది తన గొంతే. అది భయం.

వదినకు భయమా? ఏళ్లుగా ఆ మనిషి నోటికి దడిసి ఛస్తున్న పార్లరమ్మ అలాగే నిలబడిపోయింది.

"నీకేం తెలుసే" అంది వదిన, నేల చూస్తూ. "మా ఆయన పోయినప్పుడు నువ్వింకా ఈ ఇంటికి రాలేదు. వార్డులో ఇంజెక్షన్ అయిపోయిందన్నారు. బయట కొనుక్కురమ్మని చీటీ ఇచ్చారు. ఒక షాపు మూసేశారు. ఇంకో షాపులో లేదు. పరిగెత్తా. ఈ కాళ్లతోనే పరిగెత్తా. దొరికింది, తెచ్చా. తెచ్చేసరికి ఆయన ముఖం మీద దుప్పటి కప్పేశారు." ఆమె సంచి మీద అరచేత్తో నిమిరింది. "ఆ సీసా చాలా కాలం దాచుకున్నా. దేనికీ? ఏమో. తమ్ముడికి మాత్రం అలా కాకూడదనుకున్నా. ఏదీ అయిపోయిందనే మాట వినకూడదనుకున్నా. అందుకే."

మంచం మీద భర్త కళ్లు మూసుకునే ఉన్నాడు, కానీ అతని గొంతు కదిలింది. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలిసింది.

పార్లరమ్మ బల్ల మీద వదిన పక్కన కూర్చుంది. ఇద్దరు భయస్తులు ఒకే బల్ల మీద కూర్చుంటే ఒకరికైనా ధైర్యం రావాలి, లేకపోతే లోకం నడవదు. ఆ పూట వంతు ఆమెది.

"వదినా. ఆయన బాగయ్యారు. చూడు, దొంగ నిద్ర కూడా పోతున్నారు. ఇక పరిగెత్తక్కర్లేదు."

వదిన తమ్ముడి వైపు చూసింది. తర్వాత జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు.

పార్లరమ్మ సంచి తీసుకెళ్లి హెడ్ సిస్టర్ టేబుల్ మీద పెట్టింది. అటు సెక్యూరిటీ మనిషి వస్తున్నాడు. బూట్ల చప్పుడు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, పక్కనుంచే వెళ్లిపోయింది.

"పొద్దున లేవన్నాను సిస్టర్. ఉన్నాయి. మేమే తీసి పెట్టుకున్నాం. తప్పయింది. చిన్న సిస్టర్‌కు ఏమీ తెలియదు."

హెడ్ సిస్టర్ సంచిలోకి చూసింది. ఒక గ్లవ్స్ పెట్టె తీసింది, ఇంకో పెట్టె తీసింది, సెలైన్ గొట్టాల పొట్లాలు తీసింది, అడుగున వార్తాపత్రికలో చుట్టిన సీసాల మూట తీసింది. ఆమె ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత వెనక నిలబడ్డ వదిన వైపు చూసింది. వదిన జీవితంలో మొదటిసారి ఒకరి వెనక నిలబడి ఉంది.

"ఇవి మందులమ్మా" అంది సిస్టర్, కఠినంగానే. "ఎక్కడుందో తెలియని మందు, ఎవరికి వేస్తారో తెలియని మందు ప్రమాదం. పొరపాటున ఇంట్లో ఎవరైనా వాడితే? ఇన్సూరెన్స్ వాళ్లు అడిగినప్పటి నుంచి ఆ పిల్ల చార్టు ముందేసుకుని ఏడుస్తోంది." ఊపిరి వదిలింది. "సరే. తెచ్చారు, అది చాలు. పదండి మందుల షాపుకు. సీలుండి, మన బిల్లులో ఉన్న బ్యాచ్ నంబరే అయితే వెనక్కి తీసుకుంటారు. ఇవి ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కావు, అదృష్టం. చింపిన పెట్టెలు మాత్రం తీసుకోరు, అవి మీ లెక్కలోనే."

కింద ఆసుపత్రి మందుల షాపులో కళ్లజోడాయన ఒక్కో సీసా ఎత్తి, లైటుకు ఎదురుగా పెట్టి చూసి, నంబరు బిల్లుతో పోల్చి, పక్కన పెడుతున్నాడు. తీసుకోవాల్సినవన్నీ తీసుకుని రిటర్న్ చీటీ కొట్టాడు. చీటీ బిల్లుల కౌంటర్‌కు వెళ్లింది. అద్దం వెనక అమ్మాయి మంచాల్లో ఒకటి తీసేసింది, సీసాలు తీసేసింది, సరిచేసిన బిల్లునూ చార్టునూ ఇన్సూరెన్స్ వాళ్లకు మళ్లీ పంపించింది. జవాబు వచ్చేదాకా పార్లరమ్మ అక్కడే కూర్చుంది. కూర్చుందన్న మాటే గాని, కుర్చీ అంచు మీద ఉంది. తిరిగి ఏ కొత్త కోత వస్తుందో, ఏ కొత్త ప్రశ్న వేస్తారో. ఆ నిరీక్షణలో ఆమె ఒక కాగితం మూలను చుట్టి చుట్టి చింపేసింది.

టై ఆయనే స్వయంగా వచ్చాడు. "మందులకు ఒప్పుకున్నారండీ. మీ వైపు గ్లవ్స్ లాంటివి, విప్పిన పెట్టెలు, అంతే మిగిలాయి."

ఆమె కొత్త బిల్లు తీసుకుని చివరి అంకె చూసింది. మళ్లీ చూసింది. ఈసారి పై నుంచి కింది దాకా ప్రతి వరుసా చూసింది, అర్థమయ్యేదాకా చూసింది. తర్వాతే సంతకం పెట్టింది. చేతి సంచిలో ఉన్నదానితోనే సరిపోయింది.

ఫోన్ మోగింది. పక్క కొట్టాయన.

"ఏమ్మా, ఆలోచించారా? మేస్త్రీని కూడా మాట్లాడేశాను, గోడ కోసం."

ఆమె గొంతు ఎప్పటిలాగే వణికింది. భయం ఎక్కడికీ పోలేదు, పోయే రకం కాదు. "ఆ గోడ ఉండనివ్వండి. రేపటి నుంచి పార్లర్ తీస్తున్నాను" అంది వణుకుతూనే. ఫోన్ పెట్టేశాక కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకుంది.

వదిన కోసం చూస్తే ఆమె ఇంకా మందుల షాపు దగ్గరే ఉంది. ఖాళీ సంచి భుజాన వేలాడుతోంది. కుడి పిడికిలి బిగించి ఉంది. పార్లరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ పిడికిట్లో ఒక సీసా ఉంది, చీటీ కొట్టాక ఆ సీసాల్లోంచి ఎప్పుడు వెనక్కి తీసుకుందో ఏమో.

కళ్లజోడాయన విసుక్కోవడానికి నోరు తెరిచాడు. వదిన ముఖం చూసి మూసుకున్నాడు.

"బాబూ, ఈ షాపు రాత్రిళ్లు కూడా తెరిచి ఉంటుందా?" అంది వదిన. 

"ఉంటుందమ్మా."

"సెలవు రోజుల్లో?"

"ఎప్పుడూ ఉంటుంది. ఎవరో ఒకరం ఉంటాం."

"ఈ మందు అయిపోదు కదా?"

ఆయన వెనక్కి తిరిగి, అల్మారా తలుపు తీసి చూపించాడు. వరసగా అవే మూతలు, అదే రంగు. వదిన వాటిని చూస్తూ నిలబడింది, ఒక్కొక్కటీ చూసింది. తర్వాత పిడికిలి విప్పి, చివరి సీసాను బల్ల మీద నెమ్మదిగా నిలబెట్టింది.

"ఇదీ రాసుకో" అంది. "రిటర్న్."